అన్నిట్లోనూ అయిదే, అన్నిట్లోనూ మూడే

ఒక గృహరుణాల కంపెనీ ఉందనుకుందాం. దాని శాఖ ఒకటి ఏదో జిల్లా కేంద్రంలో నడుస్తోంది. ఆర్థిక సంవత్సరం ముగిసే వేళ శాఖ మేనేజరు బల్ల మీదికి ముగ్గురు ఉద్యోగుల అప్రైజల్ ఫారాలు వచ్చాయి. ఒక్కో ఫారంలో నాలుగు గళ్లు: ఎంత పని చేశారు, ఎంత తప్పుల్లేకుండా చేశారు, ఖాతాదారులతో ఎలా మెలిగారు, వేళకు వచ్చారా లేదా. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యాలి. మేనేజరు టీ చల్లారేలోగా పని ముగించాడు. రమ్యకు 5, 5, 5, 5. సురేష్‌కు 3, 3, 3, 3. ఖాదర్‌కు 2, 2, 2, 2.

ఈ మేనేజరు చెడ్డవాడేం కాదు. ఎవరి మీదా కక్ష లేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అడిగితే మనసులో ఉన్నదే రాశానంటాడు. అది నిజం కూడా. ఇప్పుడు అదే శాఖలోని రిజిస్టర్లు తెరిచి చూద్దాం. రమ్య ఆ ఏడాది 60 రుణాల ఫైళ్లు పంపింది. అందులో 15 కాగితాలు సరిగా లేవని హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చాయి. సురేష్ పంపినవి 48, తిరిగొచ్చినవి 2. ఖాదర్ పంపినవి 50, తిరిగొచ్చినవి 5. వేలిముద్రల హాజరు యంత్రాన్ని అడిగితే ఏడాది మొత్తం మీద ఒక్కరోజు కూడా ఆలస్యం లేనివాడు ఖాదర్ ఒక్కడే.

అంటే నాలుగు ఫైళ్లలో ఒకటి వెనక్కి వచ్చే ఉద్యోగికి 'తప్పుల్లేకుండా' అన్న గడిలో 5 పడింది. పాతికలో ఒకటి వచ్చే మనిషికి 3 పడింది. రోజూ అందరికంటే ముందు తాళాలు తీసేవాడికి సమయపాలనలో 2 పడింది. రమ్య మీటింగుల్లో చక్కగా మాట్లాడుతుంది, లెక్క అడిగితే తడుముకోకుండా చెబుతుంది, ఫైళ్లు కూడా ఎక్కువే తెస్తుంది. ఖాదర్ ఫిబ్రవరిలో కౌంటర్ దగ్గర ఒక ఖాతాదారుతో గొంతు పెంచాడు. ఆ గొడవ మేనేజరు గది దాకా వినపడింది. సురేష్ గురించి మేనేజరుకు మంచిదో చెడ్డదో ఏదీ గుర్తుకు రాలేదు. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు రాయాల్సిన చోట ఆయన ఒక్క జవాబే నాలుగుసార్లు రాశాడు.

మానవ వనరుల పాఠ్యపుస్తకాల్లో దీనికి హేలో ఎఫెక్ట్ అని పేరు. ఒక్క మంచి గుణం వెలుగు మిగతా గుణాల మీద కూడా పడి, అవన్నీ మంచిగానే కనిపించడం అన్నమాట. ఒక్క చెడ్డ విషయం మిగతావాటిని నల్లగా చేస్తే హార్న్ ఎఫెక్ట్ అంటారు. పరీక్ష కోసం చదివే విద్యార్థులు ఈ రెండు నిర్వచనాలూ అరనిమిషంలో అప్పజెబుతారు. కానీ ఇది ఎలా బయటపడింది, దీన్ని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నామనుకున్నప్పుడు ఎక్కడ పొరబడతాం అన్నవి నోట్సుల్లో రెండు వాక్యాలతో సరి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలోకి 1917లో దిగిన అమెరికాకు ఒక్కసారిగా వేలమంది అధికారులు కావాల్సి వచ్చింది. ఎవరిని పైకి తేవాలో తేల్చడానికి వాల్టర్ డిల్ స్కాట్ అనే మనస్తత్వవేత్త ఒక కొలమానం తయారుచేసి ఇచ్చాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, వ్యక్తిగత గుణశీలం, సైన్యానికి మొత్తంగా ఎంత పనికొస్తాడు అని అయిదు అంశాలు. మార్కులు వేసే అధికారి ముందుగా తనకు తెలిసిన అధికారుల్లో నాయకత్వంలో అందరికంటే మెరుగైనవాణ్ణి, అందరికంటే తీసికట్టయినవాణ్ణి, నడిమి స్థాయిలవాళ్లను ఎంచుకుని వాళ్ల పేర్లు రాసుకోవాలి. తర్వాత తన కింద ఉన్న మనిషి వాళ్లలో ఎవరికి దగ్గరగా ఉన్నాడో చూసి మార్కు వెయ్యాలి. ప్రతి అంశానికీ ఇలా విడివిడిగా చెయ్యాలి. వందేళ్ల కిందటి పద్ధతే అయినా, గాలిలో అంకెలు వెయ్యకుండా కళ్లముందున్న మనుషులతో పోల్చమన్న ఈ ఆలోచన ఇప్పటి చాలా ఫారాలకంటే మెరుగ్గానే ఉంది.

ఆ మార్కులను ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పరిశీలించి 1920లో ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. రెండు గుణాలకు వేసిన మార్కులు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకెను సహసంబంధ గుణకం అంటారు. అది సున్నా అయితే వాటికి సంబంధం లేనట్టు, ఒకటి అయితే రెండూ జోడుగుర్రాల్లా కదిలినట్టు. దేహదారుఢ్యానికి పడ్డ మార్కుకూ తెలివికి పడ్డ మార్కుకూ మధ్య ఆయనకు 0.31 కనిపించింది. దేహదారుఢ్యానికీ నాయకత్వానికీ 0.39, గుణశీలానికీ 0.28. ఎత్తుగా, దిట్టంగా ఉన్నంత మాత్రాన తెలివో నీతో ఆ మేరకు పెరగవు కదా. పైగా ఈ అంకెలు మరీ ఎక్కువగా ఉండటమే కాదు, దాదాపు ఒకే తీరులో ఉన్నాయి. చెయ్యి తిరిగిన అధికారులు సైతం ఒక మనిషిని గుణాలుగా విడదీసి చూడలేకపోతున్నారని, మొత్తంగా మంచివాడు లేదా అంతంతమాత్రం అని ముందే ఒక ముద్ర వేసుకుని, ఆ రంగునే ప్రతి గడికీ పూస్తున్నారని థార్న్‌డైక్ తేల్చాడు. హేలో అన్న మాట ఈ అర్థంలో స్థిరపడింది ఆ వ్యాసంతోనే.

సరే, మార్కులు వేసేవాళ్లకు ఈ విషయం చెబితే సర్దుకోరా? ఇక్కడే 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం గుర్తుచేసుకోవాలి. ఐరోపా యాసతో ఇంగ్లీషు మాట్లాడే ఒక అధ్యాపకుడి ఇంటర్వ్యూను రెండు రకాలుగా వీడియో తీశారు. ఒకదానిలో ఆయన విద్యార్థుల మీద అభిమానం ఉన్నవాడిలా ఆప్యాయంగా మాట్లాడతాడు. రెండోదానిలో అదే మనిషి బిగుసుకుపోయి కరుకుగా జవాబులిస్తాడు. ఒక్కో విద్యార్థి బృందానికి ఒక్కో వీడియోనే చూపించి, ఆయన రూపం, హావభావాలు, యాస ఎలా ఉన్నాయని అడిగారు. మనిషీ అతనే, ముఖమూ అదే, యాసా అదే. ఆప్యాయంగా మాట్లాడిన వీడియో చూసినవాళ్లకు అవి ముచ్చటగా అనిపించాయి. రెండోది చూసినవాళ్లలో ఎక్కువమందికి చిరాకు పుట్టించాయి.

ఈ ప్రయోగంలో అసలు విశేషం ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది. ఆయన మీద మీకు కలిగిన ఇష్టాయిష్టాలు మీరు వేసిన మార్కులను మార్చాయా అని అడిగితే విద్యార్థులు లేదన్నారు. కరుకు మనిషిని చూసిన బృందంలో కొందరైతే దాన్ని తిరగేసి చెప్పారు: ఆయన యాసా వాలకమూ నచ్చకపోవడం వల్లే ఆయన నచ్చలేదని. అంటే ప్రభావం పడిందన్న సంగతి పడ్డవాడికే తెలియదు. అందుకే "నేను నిష్పక్షపాతంగానే రాశాను" అని మేనేజరు చెబితే నమ్మవచ్చు కానీ, ఆ మాటను రుజువుగా తీసుకోకూడదు.

ఇప్పుడు ఫారం సంగతి చూద్దాం. మన ఊహా శాఖలో వాడింది గ్రాఫిక్ రేటింగ్ స్కేల్. 1920ల మొదట్లో స్కాట్ సలహా సంస్థ నుంచే ఇది వాడుకలోకి వచ్చింది. ఎడమవైపు గుణాల పేర్లు, కుడివైపు ఒకటి నుంచి అయిదు. తయారుచెయ్యడం తేలిక, నింపడం ఇంకా తేలిక. అందుకే ఇప్పటికీ ఎక్కువ ఆఫీసుల్లో ఇదే నడుస్తోంది, కంప్యూటర్ తెరమీదికి మారిందంతే. కానీ ఒకే మనిషికి సంబంధించిన గళ్లన్నీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి పేర్చడం వల్ల, మొదటి గడిలో వేసిన అంకె రెండో గడి మీద చెయ్యి వేస్తుంది. దానికి తోడు 'చొరవ', 'అంకితభావం', 'టీమ్ స్పిరిట్' వంటి మాటలుంటాయి. చొరవలో 3 అంటే ఏం చేసినట్టు, 4 అంటే ఇంకేం చేసినట్టు? ఫారం చెప్పదు. చెప్పని చోట మేనేజరు తన మనసులోని మొత్తపు ముద్రను తెచ్చి నింపుతాడు.

ఈ ఖాళీని పూడ్చడానికి వచ్చినవాటిలో రెండు పద్ధతులను కాస్త వివరంగా చూడాలి. మొదటిది, జాన్ ఫ్లానగన్ 1954లో ప్రచురించిన కీలక ఘటనల పద్ధతి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వైమానిక దళంతో పనిచేసిన అనుభవంలోంచి వచ్చింది. ఉద్యోగి 'మంచివాడు', 'బద్ధకస్తుడు' అని రాయకూడదు. ఏ తేదీన, ఏ పరిస్థితిలో, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది అన్నది రాయాలి. ఖాదర్ విషయంలో ఫిబ్రవరి గొడవ తప్పకుండా ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. కానీ జూన్‌లో కదల్లేని ఒక పెద్దాయన సంతకం కోసం ఖాదర్ ఆయన ఇంటిదాకా వెళ్లి ఫైలు పూర్తిచేసి ఉంటే అదీ ఎక్కుతుంది. పుస్తకం లేకపోతే జూన్ నాటి సంగతి మార్చికి ఆవిరైపోతుంది, ఫిబ్రవరిది మిగులుతుంది. చివరి నెలల జ్ఞాపకమే ఏడాది మొత్తానికి తీర్పయ్యే ఈ పొరపాటును రీసెన్సీ ఎర్రర్ అంటారు. ఖాదర్‌కు పడ్డ 2లలో హార్న్ ఎఫెక్ట్ ఎంత, ఇది ఎంత అని విడదీయడం కష్టం. నిజజీవితంలో ఈ పొరపాట్లు పాఠంలో ఉన్నట్టు విడివిడిగా రావు.

ఈ పద్ధతికి పెద్ద చిక్కు రాసే ఓపికే. పదిహేను రోజులకొకసారి ఒక్కో ఉద్యోగి గురించి రెండు మూడు పంక్తులు రాసుకోవడం పెద్ద పనేమీ కాదు. అయినా ఆ పుస్తకం ఏప్రిల్‌లో మొదలై జూన్‌కల్లా ఆగిపోవడం మామూలే. ఇంకో చిక్కు, తప్పులే ఎక్కువగా రాయడం. రోజూ సవ్యంగా సాగే పని ఘటనగా కనిపించదు. సురేష్‌లాంటివాడి పేరు అందులో ఎక్కడా ఉండకపోవచ్చు. పంపిన 48 ఫైళ్లలో 46 మాట రాకుండా గట్టెక్కాయి కాబట్టే అతని గురించి రాయడానికి ఏమీ లేదు. అందువల్ల ఘటనల పుస్తకం పక్కన రిజిస్టరు లెక్కలూ ఉండాలి.

రెండోది, ప్యాట్రీషియా స్మిత్, లార్న్ కెండాల్ 1963లో నర్సుల పనితీరును కొలవడానికి రూపొందించిన పద్ధతి. బిహేవియరల్లీ యాంకర్డ్ రేటింగ్ స్కేల్ అని దాని పూర్తి పేరు, పొడి అక్షరాల్లో బార్స్. అంకెల పక్కన విశేషణాలు కాకుండా ప్రవర్తనలు ఉంటాయి. 'ఖాతాదారులతో మెలగడం' అన్న అంశానికి మన శాఖలో 5 దగ్గర ఇలా ఉండవచ్చు: రుణం ఎందుకు రాలేదో ఖాతాదారుకు అర్థమయ్యేలా చెప్పి, ఏ కాగితం తెస్తే మళ్లీ చూస్తామో రాసి ఇస్తాడు. 3 దగ్గర: అడిగినదానికి సరైన జవాబు చెబుతాడు, అడగనిది తనంతట తాను చెప్పడు. 1 దగ్గర: వచ్చినవాళ్లను కారణం చెప్పకుండా మళ్లీ రమ్మంటాడు.

ఈ వాక్యాలను హెచ్ఆర్ విభాగం ఒక మధ్యాహ్నం కూర్చుని అల్లితే అది బార్స్ కాదు. ఆ పని తెలిసిన పర్యవేక్షకులు కొందరు కూర్చుని తాము చూసిన నిజమైన ఘటనలు రాయాలి, వాటిని అంశాలవారీగా సర్దాలి. తర్వాత ఆ సర్దుబాటు తెలియని మరో బృందానికి ఘటనలన్నీ కలగలిపి ఇచ్చి, ఏది ఏ అంశం కిందికి వస్తుందో మళ్లీ సర్దమనాలి. ఎక్కువమంది ఒకే గూట్లో వేసిన ఘటన నిలుస్తుంది, తలోచోట వేసినది పోతుంది. నిలిచినవాటికి ఒక్కొక్కరూ విలువ కడతారు. ఒకరు 5 అని ఇంకొకరు 2 అన్న ఘటన ఇక్కడ రాలిపోతుంది. ఒక్క ఉద్యోగానికి ఇదంతా చెయ్యడానికి వారాలు పడుతుంది. ఉద్యోగం మారితే మళ్లీ మొదలు. వందలమంది ఒకే పని చేసే ఆస్పత్రికో బ్యాంకుకో గిట్టుబాటు అవుతుంది కానీ ముగ్గురున్న శాఖకు కాదు.

ఇంతచేసినా ఫలితం ఆశించినంత రాలేదు. ఫ్రాంక్ లాండీ, జేమ్స్ ఫార్ 1980లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, ఫారం ఆకారం మార్చినందువల్ల వచ్చే మెరుగుదల స్వల్పమేనని, కొత్త నమూనాలు కనిపెట్టడం కాస్త ఆపి మార్కులు వేసే మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడమని చెప్పారు. అప్పటినుంచి దృష్టి కాగితం మీదినుంచి మనిషి మీదికి మళ్లింది. మేనేజర్లకు శిక్షణ ఇద్దామన్నారు.

ఆ శిక్షణ ఎలా ఉండేదంటే, హేలో అంటే ఇదీ, అన్ని గళ్లలో ఒకే అంకె వెయ్యొద్దు, అందరికీ ఉదారంగా వెయ్యొద్దు అని పాఠం చెప్పడం. మేనేజర్లు వెంటనే నేర్చుకున్నారు. అంకెలు చెదిరాయి. చూడ్డానికి ముచ్చటగా 4, 2, 5, 3 అని వచ్చాయి. జాన్ బెర్నార్డిన్, ఎర్ల్ పెన్స్ 1980లోనే ఇలాంటి శిక్షణను పరీక్షించి, హేలో, ఉదారత తగ్గిన మాట నిజమేగానీ మార్కుల ఖచ్చితత్వం కూడా తగ్గిందని తేల్చారు. ఎందుకంటే అభ్యర్థులు నేర్చుకున్నది అంకెలు ఎలా కనిపించాలో అన్నదే. మనిషిని సరిగ్గా ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదు.

హేలోను పట్టుకోబోయి పొరబడేది ఇక్కడే. కొందరు నిజంగానే నాలుగింట్లోనూ బాగుంటారు. శ్రద్ధ ఉన్న మనిషి ఫైళ్లూ జాగ్రత్తగా చూస్తాడు, వేళకూ వస్తాడు, ఖాతాదారునూ గౌరవిస్తాడు. అతనికి 5, 5, 5, 5 పడితే అది నిజమే. దీన్ని నిజమైన హేలో అంటారు. కాబట్టి వరసగా ఒకే అంకె కనిపించడం అనుమానానికి కారణం కావచ్చు గానీ, తప్పు జరిగిందనడానికి రుజువు కాదు. రుజువు బయటినుంచి రావాలి: తిరిగొచ్చిన ఫైళ్లు, హాజరు యంత్రం, తేదీలతో రాసిన ఘటనలు. ఇంకో ఆనవాలూ ఉంది. ఒక ఉద్యోగిది కాకుండా ఒక మేనేజరు రాసిన ఫారాలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పదిమందికి పదిమందికీ అడ్డంగా ఒకే అంకె నడుస్తుంటే అంతమందిలో నిజమైన హేలో ఉండదు, అది ఆ మేనేజరు చూపు. అలా కాక నిలువుగా చూసినప్పుడు అందరికీ 4లూ 5లే ఉంటే ఉదారత, అందరికీ 3లే ఉంటే నడిమి అంకె వెనక దాక్కోవడం. ఒకరిని అసాధారణమైనవాడి వెంటనే మార్కులు వేస్తే మామూలు మనిషి చిన్నగా కనిపించే పొరపాటు కూడా ఉంది. దాన్ని ఫారాలు చూసి కనిపెట్టలేం.

ఖచ్చితత్వం పెంచిన శిక్షణ వేరే రకం. దానిలో హేలో అన్న మాటే అవసరం లేదు. మేనేజర్లందరికీ ఒకే ఉద్యోగి పని చేస్తున్న దృశ్యమో, ఒకే ఘటనల చిట్టానో ఇస్తారు. ఎవరికి వాళ్లు మార్కులు వేసి, ఎందుకు వేశారో బయటికి చెబుతారు. ఒకరు 4, ఒకరు 2 అన్నప్పుడు 'మన సంస్థలో 4 అంటే ఏమిటి' అన్న దాని మీద మాట్లాడుకుని ఒక చోటికి వస్తారు. ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ శిక్షణ అని పేరు. అప్రైజల్‌కు ముందు ఒక పూట కేటాయించగలిగిన సంస్థ డబ్బు పెట్టాల్సింది దీనికేనని నా అభిప్రాయం, కొత్త సాఫ్ట్‌వేర్‌కు కాదు.

మన శాఖ ఫారాలను మళ్లీ నింపి చూద్దాం. ఈసారి మేనేజరు ఒక్కో మనిషి ఫారం తీసుకోడు. ఒక్కో అంశం తీసుకుంటాడు. ముందు 'ఎంత పని' అన్నదొక్కటే ముగ్గురికీ వేస్తాడు, రిజిస్టరు పక్కన పెట్టుకుని. రమ్య 5, సురేష్ 3, ఖాదర్ 3. ఆ కాగితం పక్కకు తీసేస్తాడు. 'తప్పుల్లేకుండా' అన్నది తీసుకుంటాడు: రమ్య 2, సురేష్ 5, ఖాదర్ 4. ఖాతాదారులతో మెలగడంలో ఘటనలను ప్రవర్తనల స్కేలుతో పోల్చి రమ్యకు 4, సురేష్‌కు 3, జూన్ సంగతీ ఫిబ్రవరి సంగతీ కలిపి చూసి ఖాదర్‌కు 3. సమయపాలన యంత్రం చెప్పేదే కాబట్టి 3, 4, 5. మొదట్లో మొత్తాలు 20, 12, 8. ఇప్పుడు 14, 15, 15. అగాధంలా కనిపించిన తేడా మాయమైంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. శాఖ బతికేది రుణాల మీద కదా, ఎక్కువ ఫైళ్లు తెచ్చిన రమ్యకు, వేళకు వచ్చే ఖాదర్‌కు ఒకే విలువా? న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మార్కుల్లో కాదు, బరువుల్లో చెప్పాలి. పనికి 40 శాతం, తప్పుల్లేకపోవడానికి 30, ఖాతాదారులకు 20, సమయపాలనకు 10 అని సంస్థ ఏడాది మొదట్లోనే ప్రకటిస్తే రమ్యకు 3.7, సురేష్‌కు 3.7, ఖాదర్‌కు 3.5 వస్తాయి. ఆ బరువులు ముందే తెలిసి ఉండాలి. మార్చిలో మేనేజరు మనసులో పుట్టకూడదు. అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఆ మొత్తాల్లో కూడా లేదు. రమ్యకు కాగితాల పరిశీలనలో పదిరోజుల తర్ఫీదు కావాలన్నది ఆ 2 చెబుతోంది. 5, 5, 5, 5 వేసిన ఫారం ఆమెకు ఆ సంగతి ఎప్పటికీ చెప్పదు.

ఉదారత గురించి పైన ఒక్క మాటతో దాటేశాను. మన దేశంలో దాని కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేవ్ దత్ అనే ఇంజనీరు బోర్డర్ రోడ్స్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సూపరింటెండింగ్ ఇంజనీరు పదోన్నతికి ఆయన పేరు పరిశీలనకు రాలేదు. కారణం, 1993-94 రహస్య నివేదికలో ఆయనకు 'గుడ్' అని పడటం. పదోన్నతికి అయిదేళ్లూ 'వెరీ గుడ్' ఉండాలి. 'గుడ్' అంటే తిట్టు కాదు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలియజెయ్యలేదు. ప్రతికూల వ్యాఖ్యలు మాత్రమే చెప్పాలన్నది అప్పటి పద్ధతి. అందరికీ 'వెరీ గుడ్' రాయడం అలవాటైపోయిన చోట 'గుడ్' అన్నది వేటుతో సమానం. 2008 మే నెలలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: పదోన్నతికి అడ్డుపడితే 'గుడ్' కూడా ప్రతికూలమే, ఏ గ్రేడు అయినా ఉద్యోగికి తెలియజెయ్యాల్సిందే, సవరించమని అడిగే అవకాశం ఇవ్వాల్సిందే. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను ఖాయం చేసింది.

ఈ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 2009లో, కేంద్ర ప్రభుత్వం రహస్య నివేదికను వార్షిక పనితీరు మదింపు నివేదికగా, పొడిగా అపార్‌గా మార్చింది. ఒకటి నుంచి పది దాకా మార్కులు. పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, వృత్తి సామర్థ్యానికి 30. ఇందులో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. 1, 2 వేసినా, 9, 10 వేసినా అది అరుదుగా ఉండాలి, నిర్దిష్టమైన వైఫల్యాన్నో విజయాన్నో రాసి సమర్థించాలి. హేలోకు ఇంతకంటే చవకైన మందు లేదు. మన మేనేజరు నాలుగు 5లకూ నాలుగు కారణాలు రాయాల్సి వస్తే రెండో దగ్గరే కలం ఆగేది. కానీ 8 నుంచి 10 దాకా పడినవన్నీ 'అవుట్‌స్టాండింగ్' కిందికే వస్తాయి. కారణం రాయక్కర్లేని 8తోనే ఆ మెట్టు అందుతుంది. కన్నం ఎక్కడుందో అర్థమయ్యే ఉంటుంది.

ప్రైవేటు రంగం ఉదారతకు ఇంకో మందు పట్టింది, బలవంతపు విభజన. జాక్ వెల్చ్ కాలంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పైన 20 శాతం, మధ్యన 70, అడుగున 10 అని ఉద్యోగులను విడగొట్టింది. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు బెల్ కర్వ్ అని తిట్టుకునేది దీన్నే. వెయ్యిమందిలో ఈ లెక్క కుదరవచ్చు. అయిదుగురున్న టీములో పదిశాతమంటే అరమనిషి. ఆ అరమనిషిని ఒక నిండు మనిషిగా చేసి ఎవరో ఒకరిని అడుగుకు నెట్టాలి. అప్పుడు మేనేజరు చూసేది పనిని కాదు, ఎవరిని నెడితే గొడవ తక్కువో అన్నది. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఉదారత పోవాలంటే అందరికీ ఒకే కొలబద్ద కావాలి, కోటా కాదు.

ఇక ఫారానికి అవతలివైపు కూర్చునేవాళ్లకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు స్వీయ మదింపు రాసి ఇవ్వడానికి గడువు మామూలుగా ఏప్రిల్ 15. మార్చిలో గుర్తుతెచ్చుకుని రాసేది మేనేజరు జ్ఞాపకానికి అద్దంలాగే ఉంటుంది, చివరి రెండు నెలలే కనపడతాయి. ఏప్రిల్ నుంచే తేదీలతో రాసుకోండి, అంకెలున్న చోట అంకెలు వెయ్యండి. నివేదిక చేతికొచ్చాక గ్రేడు మీద అభ్యంతరం తెలపడానికి మీకు 15 రోజులు ఉంటుంది. సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ హక్కు ప్రైవేటు ఉద్యోగులకు లేదు. అక్కడ అడగగలిగింది ఒక్కటే: ఈ అంకె ఏ పనిని చూసి వేశారో ఒక్క ఉదాహరణ చెప్పమని. అడగండి. మాట తూలకుండా, రాతపూర్వకంగా అడగండి.